గాలి విషమించిన రోజుల్లో ఆటలు రద్దు: తల్లిదండ్రులకు సర్క్యులర్ రాయడం, పిల్లలకు లోపల ఏం చేయించాలో నిర్ణయించడం

"వాయు కాలుష్యం తీవ్రంగా ఉన్నందున రేపటి నుంచి బయటి ఆటలు రద్దు. విద్యార్థులకు లోపలే ఆటలు నిర్వహిస్తాం." నేను పనిచేసిన ఒక పాఠశాలలో కొన్నేళ్ల కిందట తల్లిదండ్రులకు వెళ్లిన సర్క్యులర్ మొత్తం ఇంతే. మర్నాడు మూడో పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లలు పెద్ద హాల్లో రిలే పరుగు తీస్తున్నారు. నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పైన రెండు కిటికీలకు అద్దాలు లేవు. పక్కవాటంగా పడుతున్న వెలుతురులో దుమ్ము తేలుతూ కంటికే కనిపిస్తోంది. చేతిలో పట్టుకునే మీటరుతో కొలిస్తే మైదానంలోని గాలికీ, ఆ హాల్లోని గాలికీ పెద్ద తేడా లేదు. పిల్లలు పైకప్పు కిందకు వచ్చారు గానీ పీల్చిన గాలి మారలేదు. పైగా చలిలో బద్ధకంగా నిలబడాల్సిన పిల్లలు అక్కడ రొప్పుతూ పరుగెత్తారు.

ఆ రోజు నుంచి ఈ సర్క్యులర్‌ను నేను వెనక నుంచి రాస్తున్నాను. ముందు గది తేల్చుకుంటాను, తర్వాత ఆ గదిలో ఏం చేయించవచ్చో చూస్తాను, ఆ రెండూ కుదిరాకే కాగితం పట్టుకుంటాను. మీకూ ఆ వరసలోనే చెబుతాను.

మొదటి అడుగు: ఏ అంకె చూసి ఆపాలో ముందే రాసిపెట్టుకోండి

కాలుష్యం పెరిగిన ఉదయాన హడావిడిగా కూర్చుని "ఆపుదామా, వద్దా" అని చర్చిస్తే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఎవరో ఒకరు "నిన్నటికంటే నయంగానే ఉంది కదా" అంటారు. అందుకే కాలుష్యం మొదలయ్యే కాలానికి ముందే ఒక పేజీ నిర్ణయం రాసుకుని ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాయు నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, అన్ని దేశాల్లోనూ ఒకేలా లెక్కించరు. భారత సూచీలో 201 నుంచి 300 వరకు 'పేలవం', 301 నుంచి 400 వరకు 'చాలా పేలవం', 401 దాటితే 'తీవ్రం'. అమెరికా సూచీలో మెట్లు వేరు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్నని ధూళి 100 మైక్రోగ్రాములు ఉందనుకోండి. అదే గాలి భారత సూచీలో 230 దగ్గర కనిపిస్తుంది, అమెరికా సూచీలో 180 దగ్గర కనిపిస్తుంది. మీ సర్క్యులర్‌లో ఒక అంకె ఉండి, ఒక తండ్రి ఫోనులోని యాప్‌లో ఇంకో అంకె ఉంటే, మీరు అబద్ధం చెప్పారని ఆయన అనుకుంటారు. అందుకే ఏ సూచీ, ఏ కొలత కేంద్రం, ఎన్ని గంటల అంకె అన్న మూడు వివరాలూ ప్రతిసారీ రాయాలి.

రెండో చిక్కు సమయానిది. సూచీలో ధూళి అంకెను సాధారణంగా గడిచిన 24 గంటల సగటు మీద లెక్కిస్తారు. రాత్రి గాలి ఒక్కసారిగా పాడైతే ఉదయానికి ఆ సగటు ఇంకా మర్యాదగానే కనిపించవచ్చు. కాబట్టి సాయంత్రం నిర్ణయానికి సూచీ చూడండి. ఉదయం పిల్లలు వచ్చే ముందు మాత్రం ఆ గంటకు పీఎం 2.5 ఎంత ఉందో చూడండి. భారత సూచీ ప్రకారం 'తీవ్రం' శ్రేణి పీఎం 2.5 250 మైక్రోగ్రాములు దాటినప్పుడు మొదలవుతుంది.

నేను పాటించే మెట్లు ఇవి. భారత సూచీ 200 దాటితే ఉబ్బసం, గుండె సమస్య ఉన్న పిల్లలకు బయటి ఆట ఉండదు, మిగిలినవారికి పరుగు తగ్గుతుంది. 300 దాటితే రొప్పించే ఆటలన్నీ అందరికీ రద్దు. 400 దాటితే ఉదయపు అసెంబ్లీ, భోజన విరామంలో మైదానం, బడి తర్వాతి శిక్షణ, ఇవన్నీ రద్దు. మీ ప్రాంత అధికారులు ఇంతకంటే కఠినమైన ఆదేశం ఇస్తే అదే చెల్లుతుంది. తల్లిదండ్రులకు వెళ్లే తీవ్ర కాలుష్య సర్క్యులర్ ఈ చివరి మెట్టు గురించే.

రెండో అడుగు: 'లోపల' అంటే ఏ గదో కొలిచి చూడండి

ఇది చాలామంది దాటేసే అడుగు. నా దృష్టిలో అసలు పని ఇదే.

పీఎం 2.5 ధూళి తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. తలుపు సందులు, కిటికీ అంచులు, ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నం, ఏ దారి దొరికినా లోపలికి వస్తుంది. గోడలుంటే దానికి అడ్డు ఉన్నట్టు కాదు. కాబట్టి ఒక చిన్న మీటరు తీసుకుని ఒక మధ్యాహ్నం బడి అంతా తిరగండి. మొదట బయట పది నిమిషాలు ఉంచి అంకె రాసుకోండి. తర్వాత ప్రతి గదిలోనూ తలుపులు, కిటికీలు మూసి పది నిమిషాలు ఉంచండి. చివర్లో మళ్లీ బయట కొలవండి, ఎందుకంటే ఈలోపు బయటి గాలే మారి ఉండవచ్చు. చవకరకం మీటర్లు పొగమంచులో నీటి బిందువులను కూడా ధూళిగా లెక్కపెట్టి ఎక్కువ చూపిస్తాయి. మంచు కమ్మిన తెల్లవారుజామున కొలిచి కంగారు పడకండి. మీకు కావలసింది అసలు అంకెకన్నా గదికీ గదికీ ఉన్న తేడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బయట ఘనపు మీటరుకు పీఎం 2.5 280 మైక్రోగ్రాములు ఉంది. పెద్ద హాల్లో 240. మొదటి అంతస్తులోని మామూలు తరగతి గదిలో కిటికీలు మూస్తే 150. గాలి శుద్ధి యంత్రం పెట్టిన గ్రంథాలయంలో 60. ఇప్పుడు ఊపిరి లెక్క కలపండి. కుదురుగా కూర్చున్న పిల్లవాడు నిమిషానికి సుమారు ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా పరుగెత్తేటప్పుడు అది ఆరు రెట్ల దాకా పెరుగుతుంది. హాల్లో పరుగెత్తే పిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ధూళి, 240ని ఆరుతో గుణిస్తే, 1440 వంతులు. అదే సమయంలో మైదానంలో ఊరికే నిలబడ్డ పిల్లవాడికి 280 వంతులే. అంటే హాల్లో రిలే పరుగు, బయట నిలబడటంకన్నా ఐదు రెట్లు చెడ్డది. గ్రంథాలయంలో కూర్చుని చదరంగం ఆడే పిల్లవాడికి 60 వంతులు మాత్రమే. ఈ లెక్క ఉజ్జాయింపుదే అయినా, ఉపాధ్యాయుల సమావేశంలో నల్లబల్ల మీద ఒకసారి వేసి చూపిస్తే ఇక ఎవరూ హాల్లో బాస్కెట్‌బాల్ పెడదామని అడగరు.

శుద్ధి యంత్రం కొనేటప్పుడు గది కొలతతో లెక్క వేయండి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో 144 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు ఆ గాలంతా వడపోతలోంచి వెళ్లాలంటే గంటకు 720 ఘనపు మీటర్ల శుద్ధ గాలి ఇచ్చే యంత్రం కావాలి. 360 ఇచ్చేవి రెండైనా సరే. పెట్టె మీద రాసే అంకె యంత్రం అన్నిటికన్నా వేగంగా తిరిగినప్పటిది. శబ్దం చేస్తోందని వేగం తగ్గించి నడిపితే సగం కూడా ఇవ్వకపోవచ్చు. ఇది తరచూ జరిగే పొరపాటు. యంత్రం ఉంది, దీపం వెలుగుతోంది, గదిలో అంకె మాత్రం దిగదు. ఓజోన్ వదిలే రకాలను పిల్లల గదిలో పెట్టనే పెట్టకండి.

కిటికీలన్నీ మూస్తే వేరే సమస్య వస్తుంది. నలభై మంది పిల్లలు వదిలిన ఊపిరి గదిలోనే నిలిచిపోతుంది. ధూళిని వడకట్టే యంత్రం దాన్ని తీసేయలేదు. పిల్లలు ఆవులించడం, తలనొప్పి అనడం మొదలుపెడితే గాలి ఉక్కపోసిందని అర్థం. చలికాలంలో ధూళి సాధారణంగా తెల్లవారుజామున, రాత్రిపూట నేలకు దగ్గరగా పేరుకుని, ఎండ ఎక్కాక కొంత పలచబడుతుంది. మధ్యాహ్నం బయటి అంకె ఆ రోజుకల్లా తక్కువున్న వేళ చూసి, పిల్లలు గది బయట ఉన్నప్పుడు పది నిమిషాలు కిటికీలు తెరిచి మూసేయండి. ఆ రోజుల్లో చీపురుతో ఊడవడం ఆపించి తడిగుడ్డ పెట్టించండి. వ్యాయామపు చాపలు దులపడం కూడా గదిలో వద్దు.

శుద్ధి యంత్రం ఒక్కటీ లేని బడి కూడా ఈ పని చేయవచ్చు. రోడ్డుకు దూరంగా, కిటికీలు సరిగ్గా మూసుకునే గదిని ఎంచుకుని, తలుపు కింద సందులో గుడ్డ పెట్టి, అక్కడ కూర్చుని చేసే పనులే చేయించండి. పైన చెప్పిన ఉదాహరణలో అలాంటి గదిలో 150 ఉంది. అది మంచి గాలి కాదు, కానీ కూర్చున్నవాళ్లకు హాల్లో పరుగుకన్నా పదో వంతు.

మూడో అడుగు: ఊపిరిని బట్టి పనులు ఎంచుకోండి

నేను వాడే పరీక్ష ఒక్కటే. ఆ పని చేస్తూ పిల్లవాడు నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీసుకోగలగాలి, అడిగితే ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. నోరు తెరిచి పీలుస్తున్నాడంటే ఆ పని ఆ రోజుకు పనికిరాదు. ముక్కు కనీసం పెద్ద ధూళినైనా ఆపుతుంది, నోటికి ఆ అడ్డూ లేదు.

ఈ పరీక్ష పెడితే కొన్ని ఆశ్చర్యాలు ఎదురవుతాయి. యోగా అనగానే సరే అనేస్తాం. నెమ్మదిగా చేసే ఆసనాలు, ఒంటికాలి మీద నిలబడే భంగిమలు నిజంగానే బాగుంటాయి. వేగంగా చేసే సూర్య నమస్కారాలు, కపాలభాతి, భస్త్రిక మాత్రం ఆ రోజు వద్దు. చివరి రెండూ ఊపిరిని బలంగా, వేగంగా ఆడించే సాధనలు. చెడు గాలిలో చేయించడానికి అంతకన్నా తప్పు ఎంపిక లేదు. టేబుల్ టెన్నిస్ కూడా అంతే, నిజంగా ఆడితే చెమట పడుతుంది. శుద్ధి యంత్రం ఉన్న గదిలో, పాయింట్లు లేకుండా, బంతిని ఎన్నిసార్లు కింద పడకుండా ఆడగలరో లెక్కపెట్టే పద్ధతిలో అయితే ఒప్పుకుంటాను.

నలభై నిమిషాల పీరియడ్ ఒకటి ఎలా నడుస్తుందో చూపిస్తాను. ఎనిమిదో తరగతి, ముప్పై ఆరు మంది, తరగతి గది. మొదటి ఎనిమిది నిమిషాలు నిలబడిన చోటే మెడ, భుజాలు, తొడ వెనక కండరాలు సాగదీయడం, ఒక్కో భంగిమలో ఇరవై అంకెలు లెక్కపెట్టడం. తర్వాత ఏడు నిమిషాలు ఒంటికాలి నిలకడ. కళ్లు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, పక్కవాడు గడియారం చూస్తాడు. కళ్లు మూసుకోగానే క్రికెట్ జట్టులోని పిల్లలు కూడా ఊగిపోతారు, గదంతా నవ్వులు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మూడు గుంపులు. ఒక గుంపు బెంచీల మీద కూర్చుని మెత్తటి బంతిని ఎదుటివారి బలహీనమైన చేతికి విసురుతుంది. రెండో గుంపు పాత మ్యాచ్ వీడియో ఒక ఓవరు చూసి స్కోరు పుస్తకం నింపుతుంది. మూడో గుంపు అంపైర్ సంజ్ఞలు నేర్చుకుంటుంది. మిగిలిన ఐదు నిమిషాల్లో నేను ఒక్కొక్కరినీ ఒక వాక్యం చెప్పమని అడుగుతూ తిరుగుతాను. దగ్గు, గొంతు మంట ఉన్నవాళ్లు అప్పుడే తెలిసిపోతారు.

చదరంగం, క్యారమ్స్, ప్రథమ చికిత్స పాఠం కూడా వరసలో పెట్టుకోవచ్చు. మూడు రోజులకు మూడు వేర్వేరు ప్రణాళికలుండాలి. రెండో రోజు కూడా అదే చేయిస్తే పిల్లలు కారిడార్లో పరుగులు మొదలుపెడతారు, ఆ కారిడార్ తెరిచే ఉంటుంది.

నాలుగో అడుగు: సర్క్యులర్ రాయండి

సాయంత్రం ఆరు లోపు పంపండి. రాత్రి తొమ్మిదికి పంపితే ఆటల దుస్తులు అప్పటికే ఇస్త్రీ అయిపోయి ఉంటాయి, ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టడం మాత్రం మరిచిపోతారు. మొదటి వాక్యంలోనే నిర్ణయం ఉండాలి. కాలుష్యం ఎందుకు పెరిగిందో వివరించే పేరా అవసరం లేదు, తల్లిదండ్రులు దాన్ని రోజూ వింటూనే ఉన్నారు. నమూనా ఇది:

> విషయం: బుధ, గురు, శుక్రవారాల్లో బయటి ఆటలన్నీ రద్దు
>
> గౌరవనీయులైన తల్లిదండ్రులకు,
>
> రేపటి నుంచి శుక్రవారం వరకు, మూడు రోజులపాటు, అన్ని తరగతులకూ బయటి ఆటలు, ఉదయపు అసెంబ్లీ, భోజన విరామంలో మైదానం, బడి తర్వాతి శిక్షణ రద్దు చేస్తున్నాం. తరగతులు, బస్సులు మామూలు వేళల్లోనే నడుస్తాయి. శనివారం జరగాల్సిన అంతర తరగతి ఫుట్‌బాల్ పోటీ వాయిదా పడింది.
>
> మనకు దగ్గరలోని ప్రభుత్వ కొలత కేంద్రంలో ఈ రోజు మధ్యాహ్నం 3 గంటలకు జాతీయ వాయు నాణ్యత సూచీ, గడిచిన 24 గంటల సగటు మీద, 418. ఇది 'తీవ్రం' శ్రేణి. సూచీ 400 దాటితే బయటి కార్యక్రమాలు ఆపాలన్నది మన పాఠశాల నియమం.
>
> ఆటల పీరియడ్‌లో పిల్లలు కిటికీలు మూసిన గదుల్లో ఉంటారు. 1 నుంచి 5 తరగతులు గ్రంథాలయంలో, శుద్ధి యంత్రాల మధ్య, నిలకడ ఆటలు, చదరంగం ఆడతారు. 6 నుంచి 10 తరగతులు తమ గదుల్లోనే నెమ్మదైన ఆసనాలు, ఆటల నియమాలు, స్కోరు రాయడం నేర్చుకుంటాయి. పరుగు, గంతులు ఉన్న ఆటలు పెద్ద హాల్లో కూడా పెట్టడం లేదు, ఎందుకంటే అక్కడి గాలి బయటి గాలికి దగ్గరగానే ఉంది. ఆటల బూట్లు, దుస్తులు పంపనవసరం లేదు.
>
> మీ బిడ్డకు ఉబ్బసం ఉంటే, ఇన్‌హేలర్‌ను, దానికి తగిలించే గొట్టం స్పేసర్‌తో సహా, పేరు రాసి బ్యాగు ముందు అరలో పెట్టండి. ఉబ్బసం గానీ, గుండె సమస్య గానీ ఉంటే, డాక్టరు రాసిచ్చిన మోతాదు కాగితం నకలును తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వండి. రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉంటే ఉదయం బడికి పంపే ముందు ఆఫీసుకు ఫోను చేయండి. ఈ మూడు రోజుల్లో ఇంటి దగ్గర ఉంచదలచుకుంటే హాజరు తగ్గించం, పాఠాలు పంపుతాం.
>
> బస్సు కోసం బయట నిలబడేటప్పుడు ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కునేలా పెడితే ఉపయోగం ఉంటుంది. గుడ్డ మాస్కు ఈ ధూళిని ఆపదు.
>
> శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు మళ్లీ సూచీ చూసి, సాయంత్రం 5 లోపు సోమవారం సంగతి తెలియజేస్తాం.
>
> ప్రధానోపాధ్యాయులు

ఇందులో రెండు వాక్యాల మీద నేను పట్టు వదలను. ఒకటి, పెద్ద హాల్లో కూడా పరుగు లేదన్నది. "అంత పెద్ద హాలు ఉండగా పిల్లల్ని బెంచీల మీద కూర్చోబెట్టారేం" అన్న ఫోన్లు అదొక్కటీ ఆపుతుంది. రెండోది చివరి వాక్యం. "తదుపరి ప్రకటన వరకు" అని రాస్తే రోజూ ఉదయం ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది. పైగా మూడో రోజుకు తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. తేదీ, గంట చెప్పండి, ఆ గంటకు మార్పేమీ లేకపోయినా సందేశం పంపండి.

పోటీలకు సిద్ధమవుతున్న పిల్లల తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే, సాధన పోతుంది కదా అని. మూడు నాలుగు రోజుల విరామంతో శరీర దారుఢ్యం చెప్పుకోదగినంత తగ్గదని వాళ్లకు విడిగా చెప్పండి. బయట వేరే శిక్షణ కేంద్రానికి పంపుతున్నారేమో కూడా అడగండి. మన బడిలో ఆపిన పరుగు సాయంత్రం అక్కడ జరిగితే ఫలితం లేదు.

అయిదో అడుగు: ఆ రోజుల్లో గమనించాల్సినవి

ప్రతి తరగతి ఉపాధ్యాయుల దగ్గర ఉబ్బసం ఉన్న పిల్లల పేర్లు, వాళ్ల ఇన్‌హేలర్ ఎక్కడుందో రాసిన చీటీ ఉండాలి. తాళం వేసిన బీరువాలో ఇన్‌హేలర్ ఉంటే లేనట్టే. దగ్గు తెరలుగా వస్తున్నా, ఊపిరి వదిలేటప్పుడు ఈల లాంటి చప్పుడు వస్తున్నా, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, డాక్టరు కాగితంలో ఉన్నట్టు ఉపశమన మందు స్పేసర్‌తో ఇవ్వండి. పడుకోబెట్టకండి, ఒంటరిగా ఆఫీసుకు నడిపించకండి. వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటున్నా, పెదవులు నీలిబారుతున్నా వెంటనే అంబులెన్సుకు ఫోను చేయాలి. తల్లిదండ్రులకు ఆ తర్వాత చేయవచ్చు.

ఇంతకుముందు ఎప్పుడూ ఉబ్బసం లేని పిల్లలకూ దగ్గు మొదలుకావచ్చు, అదీ ఒక్కోసారి ఆ రాత్రి గానీ మర్నాడు గానీ బయటపడుతుంది. అందుకే ఉదయం హాజరు పిలిచేటప్పుడు రాత్రి దగ్గు గురించి ఒక మాట అడిగి, ఎంతమంది చేయెత్తారో రిజిస్టరు అంచున రాయమని మా ఉపాధ్యాయులకు చెబుతాను. ఒకే గదిలో ఆ అంకె పెరుగుతుంటే ఆ గదిని మళ్లీ కొలుస్తాను. ఒకసారి అలా వెతికితే తెరల వెనక వెంటిలేటర్ పలక ఊడిపోయి కనిపించింది.

ఆటలు మళ్లీ మొదలుపెట్టడానికి ఒక్క మంచి ఉదయం చాలదు. గాలి వీచి ఒక పూట తేరుకుని మళ్లీ దిగజారడం మామూలే. వరసగా రెండు ఉదయాలు సూచీ 300 కిందికి దిగితే, మూడో రోజు ఎండెక్కిన వేళ ఇరవై నిమిషాల నడక, బంతి అందించుకోవడంతో మొదలుపెడతాను. పూర్తి ఆట 200 కిందికి వచ్చాకే. ఉబ్బసం ఉన్న పిల్లలు అప్పటివరకు స్కోరు పుస్తకం పట్టుకుంటారు, ఈపాటికి ఆ పని వాళ్లకు బాగా వచ్చేసి ఉంటుంది. రద్దు ఎత్తివేస్తున్నప్పుడు కూడా సర్క్యులర్ పంపాలి, అదే కొలత కేంద్రం అంకెతో, అదే గంటతో, బూట్లు ఏ రోజు నుంచి పంపాలో రాసి.